మూడు నెలల కిరాయి అనుకుంటే ఐదు నెలలదైంది

మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలో మేం కిరాయికున్నప్పుడు, టు లెట్ బోర్డు చూసి మా నాయినే లోపలికి పోయి మాట్లాడిండు. రెండు నెలల అడ్వాన్సు ఇచ్చిండు, సాయంత్రానికి సామాను దించినం. మధ్యలో ఎవడూ లేడు. దుబాయిలో ఆరేండ్లు బెడ్ స్పేస్‌లో ఉండి, భార్యనూ బిడ్డనూ తెచ్చుకుందామని ఇల్లు వెతికేటప్పుడు నా మనసులో ఇంకా ఆ లెక్కే ఉన్నది.

అల్ కుసైస్‌లో దొరికిన సింగిల్ బెడ్‌రూం ఫ్లాటు కిరాయి ఏడాదికి 48 వేల దిర్హములు. అక్కడ కిరాయిని నెలకింత అని చెప్పరు, ఏడాదిదే చెప్తరు. దాన్ని ఎన్ని చెక్కులుగా తీసుకుంటడన్నది యజమాని ఇష్టం. మాకు నాలుగు చెక్కులకు ఒప్పుకున్నడు. అంటే మొదటి చెక్కే 12 వేలు, మూడు నెలల కిరాయి. ఆ 12 వేలు సర్దుకుని నేను నిమ్మళంగా ఉన్న.

బ్రోకర్ ఆఫీసులో కూర్చున్నంక తక్కినవి బయటికొచ్చినయి. సామాను లేని ఇంటికి డిపాజిట్ ఏడాది కిరాయిలో 5 శాతం, 2,400. బ్రోకర్ కమీషన్ కూడా 5 శాతమే, ఇంకో 2,400. దాని మీద వ్యాట్ 120. ఒప్పందాన్ని సర్కారు దగ్గర నమోదు చేసే ఇజారీకి సుమారు 220. కరెంటు, నీళ్లు ఇచ్చే దేవా సంస్థకు డిపాజిట్ 2,000, పైన కనెక్షన్ చార్జీ నూటాముప్పై దాకా. కూడితే 19,270. అప్పటి లెక్కన దిర్హముకు 23 రూపాయలేస్తే నాలుగు లక్షల నలభై మూడు వేలు.

ఫోన్లో చెప్తే నాయిన కాసేపు మాట్లాడలే. "ఇల్లు కిరాయికి తీస్తున్నవా, కొంటున్నవా రా?" అన్నడు.

ఇందులో తిరిగొచ్చేది 4,400 మాత్రమే, రెండు డిపాజిట్లు. అదీ ఖాళీ చేసేటప్పుడు గోడకు రంగు, శుభ్రం అని కోసుకోకుండా ఉంటే. అందుకే తాళం తీసుకున్న రోజే బాత్రూం టైలు పగులు, కిటికీ గీతలు ఫోటోలు తీసి యజమానికి పంపిన. కమీషన్ మాత్రం పోయినట్టే.

పైసలు కూడబెట్టిన తీరు కొంచెం తిరగేసిందే. నా దగ్గర ఏడున్నర వేలున్నయి. ఊర్ల నడుస్తున్న మూడు లక్షల చిట్టిని నాయిన పాట పాడి ఎత్తిండు, కసరు పోను రెండు లక్షల అరవై వేలు చేతికొచ్చినయి. వాటిని దుబాయికి తెప్పించుకోలే. నాలుగు నెలలు ఇంటి ఖర్చు, లోన్ కిస్తు అందులోంచే ఎల్లదీసిండ్రు. నేను నెలనెలా పంపే 3 వేల దిర్హములు ఆపుకున్న. అట్ల 12 వేలు మిగిలినయి.

చెక్కుల సంగతి ఇంకోటి. బ్రోకర్ నాలుగింటి మీదా ఒకటో తారీఖు వేసుకున్నడు. మా కంపెనీల జీతం పడేది ఐదో తారీఖు, ఒక్కోసారి ఆరు. రాసిన కాగితం ముందు పెట్టి, సంతకం పెట్టమని పెన్ను నా చేతిలో పెట్టిండు. నేను పెన్ను కింద పెట్టి, ఇంటి చేరిక ఒకటినే ఉండనీ, రెండో చెక్కు నుంచి ఎనిమిదో తారీఖు వేయమన్న. యజమానికి ఫోన్ కొట్టిండు, రెండు నిమిషాల్లో ఒప్పుకున్నడు. అడగకుంటే నాకే తెల్వకపోయేది. 2022 జనవరి నుంచి ఖాతాలో పైసలు లేక చెక్కు తిరిగితే మామూలుగా క్రిమినల్ కేసు కాదు గానీ, ఆ చెక్కు పట్టుకుని యజమాని నేరుగా వసూలుకు కోర్టుకు పోవచ్చు. బ్యాంకు చార్జీ వేరే.

కిరాయి చెక్కులు, డిపాజిట్ యజమాని పేరు మీదనే రాసిన, టైటిల్ డీడ్‌లో ఆ పేరున్నదా అని చూసినంకనే. నల్గొండ వైపు దోస్తు ఒకడు "అన్నా, టోకెన్ ఇస్తేనే ఆపుతనన్నడు" అని ఓ ఏజెంట్ సొంత ఖాతాల రెండు వేలేసిండు. వారం తర్వాత ఆ ఫోన్ ఎత్తలే. ఏజెంటుకు లైసెన్సు నంబరు ఉంటది, దుబాయి రెస్ట్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. ఆ పొద్దు వాడు చూడలే.

నా భార్య, బిడ్డ వచ్చిన నెలకు దేవా బిల్లొచ్చింది. కరెంటు, నీళ్లకు తోడు కింద హౌసింగ్ ఫీజని 200 ఉన్నది. మునిసిపాలిటీది, ఏడాది కిరాయిలో 5 శాతాన్ని పన్నెండు నెలలకు పంచి వేస్తరట. "ఇది మన లెక్కల లేదు గదా?" అన్నది ఆమె. ఫ్రిజ్ మీద అంటించిన కాగితం తీసి, 19,270 కింద ఇంకో గీత గీసిన.