పక్కపక్కనే రెండు ఒకట్లు

ఈ రోజు మేనకోడలు, దాని స్నేహితురాలు పుస్తకం పట్టుకుని వచ్చారు. ఆవర్తన పట్టికలో మొదటి 20 మూలకాలు బట్టీ పట్టాలట. వస్తారని ముందే తెలుసు కాబట్టి నిన్న రాత్రే అట్టముక్కలతో కార్డులు చేసిపెట్టుకున్నాను. పుస్తకం మూయించి, 15 కార్డులు కలిపి నేల మీద పరిచాను.

ఒక్కో కార్డు మీద మూలకం పేరు, పరమాణు భారం, సాంద్రత, లోహమా అలోహమా, హైడ్రోజన్‌తో కలిసేటప్పుడు దాని వేలన్సీ ఎంత, అంటే ఒక్కో పరమాణువు ఎన్ని హైడ్రోజన్ పరమాణువులతో కలుస్తుంది అన్నవి రాశాను. వేలన్సీ హైడ్రోజన్‌తోనే ఎందుకంటే, సల్ఫర్ లాంటివి ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేరే అంకెలు చూపిస్తాయి. మొదటి రోజే ఆ తికమక వద్దనుకున్నాను. పరమాణు సంఖ్య కావాలనే రాయలేదు. హైడ్రోజన్ కార్డునూ, జడవాయువులనూ పక్కన పెట్టేశాను. ఇంకో కార్డు నా దగ్గరే దాచుకున్నాను.

"ఒకేలా ఉన్నవి ఒక దగ్గర పెట్టండి" అన్నాను, అంతే. ఇద్దరూ వేలన్సీ చూసి కుప్పలు పెట్టారు. ఒకటి ఉన్న కుప్పలో లిథియం, సోడియం, పొటాషియంతో పాటు ఫ్లోరిన్, క్లోరిన్ కూడా చేరాయి. ఈ పొరపాటు దాదాపు ప్రతిసారీ చూస్తాను, అందుకే ఆపలేదు. కాసేపటికి మేనకోడలే, "అత్తా, సోడియం లోహం కదా, క్లోరిన్ గ్యాసు. ఇవి రెండూ ఒకేలా ఎలా ఉంటాయి?" అంది.

అప్పుడు కుప్పలు చెరిపేసి, భారం పెరిగే క్రమంలో అన్నిటినీ ఒకే వరుసగా పేర్చమన్నాను. లిథియం నుంచి వేలన్సీలు బిగ్గరగా చదివారు: 1, 2, 3, 4, 3, 2, 1. ఫ్లోరిన్ అయిపోగానే సోడియం, మళ్లీ 1. రెండు ఒకట్లు పక్కపక్కనే వచ్చిన చోట వరుసను తెంచి, సోడియాన్ని లిథియం కింద పెట్టమన్నాను. క్లోరిన్ తర్వాత పొటాషియం దగ్గరా అదే జరిగింది. తెంచేసరికి లిథియం, సోడియం, పొటాషియం ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయి. ఫ్లోరిన్ కిందకు క్లోరిన్ వచ్చింది. అడ్డంగా వెళ్లేది పీరియడ్, నిలువుగా దిగేది గ్రూపు అని అప్పుడు పేర్లు చెప్పాను. ముందే చెప్పి ఉంటే అవి రెండు మాటలుగానే మిగిలిపోయేవి.

రెండో వరుసలో సోడియం 1 తర్వాత అల్యూమినియం 3 ఉండటం స్నేహితురాలు పట్టేసింది. "ఆంటీ, మధ్యలో 2 లేదు." నేను దాచుకున్న కార్డు అదే. అది ఎలా ఉంటుందో చుట్టూ ఉన్న నాలుగు కార్డులను చూసి చెప్పమన్నాను. సాంద్రతలు చూస్తే, అటూ ఇటూ సోడియం 0.97, అల్యూమినియం 2.70. పైనా కిందా బెరీలియం 1.85, కాల్షియం 1.55. వీటిని కూడి నాలుగుతో భాగిస్తే 1.77 వచ్చింది. కార్డు తిప్పి చూపించాను: మెగ్నీషియం, 1.74. ఇద్దరూ ఒక్కసారి అరిచారు. మెండలీవ్ 1869లో తన పట్టికలో ఖాళీలు వదిలిందీ, వాటిలో రావలసిన మూలకాల గుణాలు ముందే చెప్పిందీ ఇలాంటి లెక్కతోనే అని చెప్పాను. కానీ ఈ సగటు అన్నిటికీ పనిచేయదు. ద్రవీభవన స్థానాలతో అదే లెక్క వేస్తే 720 డిగ్రీలు దాటుతుంది, నిజానికి మెగ్నీషియం 650 దగ్గరే కరుగుతుంది. అదీ వాళ్లచేతే వేయించాను.

చివరగా, పక్కన పెట్టిన జడవాయువుల్లోంచి నియాన్, ఆర్గాన్ ఇచ్చాను. వేలన్సీ సున్నా. నియాన్ భారం 20.2, ఫ్లోరిన్‌కీ సోడియానికీ మధ్య, సరిగ్గా మేము వరుస తెంచిన చోటే కూర్చుంది. ఆర్గాన్ దగ్గర ఇబ్బంది వచ్చింది. దాని భారం 39.9, పొటాషియంది 39.1. భారం ప్రకారం పెడితే పొటాషియం ఆర్గాన్ కంటే ముందొచ్చి, క్లోరిన్ పక్కనే పడుతుంది. "అప్పుడు సోడియం కిందకు ఆర్గాన్ వస్తుంది, తప్పు కదా!" అని మేనకోడలు వాదించింది. తప్పే. క్రమాన్ని నిర్ణయించేది భారం కాదు, ప్రోటాన్ల సంఖ్య. నేను కార్డుల మీద రాయకుండా వదిలేసిన పరమాణు సంఖ్య అదే. 1913లో మోజ్లీ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఎక్స్ కిరణాలతో ఈ క్రమాన్ని కొలిచి చూపించాడు. ఆర్గాన్‌లో ప్రోటాన్లు 18, పొటాషియంలో 19. కాకపోతే ప్రకృతిలో దొరికే ఆర్గాన్‌లో ఎక్కువ భాగానికి 22 న్యూట్రాన్లు ఉంటాయి, పొటాషియంలో ఎక్కువ భాగానికి 20. అందుకే ఒక ప్రోటాన్ తక్కువైనా ఆర్గాన్ బరువుగా తేలుతుంది. ఇద్దరూ కార్డుల మూలల్లో పెన్సిల్‌తో సంఖ్యలు రాసుకున్నారు.

వెళ్లబోతుంటే ఇంకో రెండు కార్డులు చేతిలో పెట్టాను: టెల్లూరియం 127.6, అయోడిన్ 126.9. స్నేహితురాలు భారాల వైపు చూడనే లేదు. వేలన్సీ 1 అని చదివి, అయోడిన్‌ను తీసుకెళ్లి క్లోరిన్ ఉన్న నిలువు వరుసలో కిందకు పెట్టింది.