అయిదో అట్ట

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా ఫిబ్రవరి 28న, సైన్స్ దినోత్సవం నాడు, మా బడిలో సైన్స్ ఫెయిర్ పెట్టారు. స్టాళ్ళకు నినాదాలు రాసే పని నాకూ నా పక్క బెంచీ మిత్రుడికీ అప్పగించారు. మొదట 'ప్రయోగాలు చేద్దాం, విజ్ఞానం పెంచుదాం' అని రాసుకెళ్ళాం. తెలుగు మాస్టారు చూసి, "దాం, దాం అని క్రియలు ఎలాగూ కలుస్తాయిరా. ఇది ఏ స్టాలుకైనా అతుకుతుంది. అసలు మాట మీద ప్రాస పడాలి" అన్నారు.

సైన్స్ పుస్తకం తిరగేస్తే 'భవనం'తో ముగిసే మాటలు వరసగా దొరికాయి. ఆ సాయంత్రం అట్టల మీద ఇలా రాశాం:

తడిబట్ట ఆరితే బాష్పీభవనం
ఐసుముక్క కరిగితే ద్రవీభవనం
నీళ్ళు గడ్డకడితే ఘనీభవనం
నీట పెన్సిల్ వంగితే వక్రీభవనం

అయిదో స్టాలులో చల్లటి నీళ్ళ గ్లాసు, దాని చుట్టూ పట్టిన చెమట. పుస్తకంలో దానికున్న మాట సాంద్రీకరణం. ప్రాస చెడుతుందని మేం 'గ్లాసు చెమరిస్తే ద్రవీభవనం' అని రాసేశాం. ఆవిరి ద్రవమే కదా అవుతోంది, తప్పేముంది అనుకున్నాం.

మర్నాడు పొద్దున్నే ఏడో తరగతి పిల్ల ఒకతి రెండు స్టాళ్ళూ చూసి, "అన్నా, ఐసు కరిగినా, గ్లాసు చెమర్చినా ఒకటేనా?" అని అడిగింది. నా నోట మాట రాలేదు. ద్రవీభవనం అంటే ఘనపదార్థం కరగడమనే పుస్తకం చెబుతుంది. పక్క స్టాలులో కరుగుతున్న ఐసులో థర్మామీటరు సున్నా దగ్గరే నిలబడి ఉంది. ఇక్కడేమో గాలిలోని నీటి ఆవిరి చల్లటి గాజుకు తగిలి చుక్కలవుతోంది. ఆ నీళ్ళు గ్లాసులోంచి కారినవి కావని చూపడానికే లోపల ఎర్రరంగు కలిపాం. బయటి చుక్కల్ని తెల్లకాగితంతో అద్దితే రంగు అంటలేదు. ప్రయోగం అంత శుభ్రంగా కుదిరింది, పైన వేలాడుతున్న మాటే తప్పు.

ఫిజిక్స్ మాస్టారు నాలుగో అట్ట కూడా దింపించారు. వంగేది పెన్సిల్ కాదు, దాని నుంచి మన కంటికి వచ్చే వెలుగు అన్నారు. 'నీట వెలుగు వంగితే' అని దిద్దాం. తెలుగు మాస్టారు ఆ మాటలనే విడదీసి చూపించారు. భవనం అంటే అవడం. ముందు ద్రవం కానిది ద్రవం అవడం, వక్రం కానిది వక్రం అవడం. కరణం అంటే చేయడం. "చివర కలవకపోయినా 'ఈ' కారం కలిసింది చూడు, సాంద్రీ, ద్రవీ. అది చాలు" అన్నారు.

అయిదో అట్ట మీద 'గ్లాసు చెమరిస్తే సాంద్రీకరణం' అని నీలిసిరాతో మళ్ళీ రాశాం. వరసలో అదొక్కటే వేరుగా కనిపించడంతో, వచ్చిన పెద్దవాళ్ళంతా అక్కడే ఆగి, "దీనికి భవనం ఎందుకు రాలేదు బాబూ?" అని అడిగారు. సాయంత్రందాకా కాగితం అద్ది చూపిస్తూనే ఉన్నాను.