పత్తి క్వింటాలు 70 రూపాయలని చూపించాక

ఆదోని, కర్నూలు మార్కెట్ యార్డుల ధరలు రోజూ రాత్రి ఒక ఫైలుగా వస్తాయి. వాటిని రైతులు ఫోన్‌లో చూసుకునే పేజీలోకి ఎక్కించే పని నాది. ఒకరోజు వచ్చిన ఫైలులో పత్తికి 90 వరుసలుంటే 30 వరుసల్లో ధర క్వింటాలుకు కాకుండా కిలోకి రాసి ఉంది, 7,000 ఉండాల్సిన చోట 70. ఎర్రరేమీ రాలేదు, 70 కూడా అంకే కదా. పొద్దున్నే ఒక రైతు ఫోన్ చేసి "సార్, పత్తి డెబ్బై చూపిస్తాంది, బండి ఎత్తమంటారా వద్దా?" అన్నాడు. అలాంటి ప్రశ్న మళ్లీ ఎవరూ అడగకూడదనిపించింది.

ముందు పాతదాని మీదే కొత్తది రాయడం మానేశాను. ఏ రోజు డేటా ఆ రోజు తేదీ ఉన్న ఫోల్డరులోకి వెళ్తుంది, పేజీ మాత్రం `current` అనే లింకునే చదువుతుంది. పరీక్షలు పాసైతేనే లింకు మారుతుంది:

```
ln -s data/2024-11-12 next
mv -T next current
```

`ln -sfn` తో నేరుగా మార్చొచ్చు, కానీ దాని పాత వెర్షన్లు పాత లింకును తీసేసి కొత్తది పెడతాయి, ఆ మధ్యలో పేజీ తెరిచినవాళ్లకు ఏమీ దొరకదు. `mv -T` అయితే ఒక్క దెబ్బకు మారిపోతుంది.

అసలు కష్టం పరీక్షల దగ్గరే వచ్చింది. మధ్య విలువ (మీడియన్) చూస్తే చాలనిపిస్తుంది గానీ, మూడో వంతు వరుసలు చెడినా అది దాదాపు 7,000 దగ్గరే ఉంటుంది, తేడా కనిపెట్టదు. సగటైతే 4,690కి పడి పట్టించేస్తుంది, కానీ ఎవరో ఒక్క సున్నా ఎక్కువ కొట్టినా అదీ ఊగుతుంది. అందుకే, చివరి మంచి వెర్షన్ ధరలో సగం కంటే తక్కువో రెట్టింపు కంటే ఎక్కువో ఉన్న వరుసలు ఎన్ని అని లెక్కపెట్టి, నూటికి ఐదు దాటితే ఆపేస్తున్నాను. పోల్చేది నిన్నటి ఫైలుతో కాదు, పాసైన చివరి వెర్షన్‌తోనే, లేకపోతే నిన్నటి తప్పే ఇవాళ్టికి కొలత అవుతుంది.

లింకు మారాక కూడా స్క్రిప్టే పేజీ తెరిచి, అక్కడ కనిపించే ధర ఫోల్డరులోని ధరతో కలుస్తుందో లేదో చూస్తుంది. కలవకపోతే లింకును పాత ఫోల్డరుకే తిప్పి నాకు మెసేజ్ పెడుతుంది. పాత ఫోల్డర్లను తుడిచే స్క్రిప్టు `current` చూపిస్తున్నదాన్ని మాత్రం ఎంత పాతదైనా ముట్టుకోకూడదు.

ఉల్లితో ఇంకో తలనొప్పి. కర్నూలులో ఉల్లి ధర ఒక్కోసారి నిజంగానే సగం కంటే కిందికి పడిపోతుంది. అప్పుడు ఈ పద్ధతి నిజాన్ని ఆపేసి పాత మంచి ధరనే చూపిస్తూ కూర్చుంటుంది, దాన్ని నమ్మి సరుకు తెచ్చిన రైతు నష్టపోతాడు. అందుకని పేజీలో ధర పక్కనే అది ఏ తేదీదో పెద్ద అక్షరాల్లో పెట్టాం. మెసేజ్ రాగానే యార్డుకు ఫోన్ చేసి అడుగుతాం, నిజమేనంటే ఆ రోజు ఉల్లికి మాత్రం పరీక్ష దాటించి లింకు మారుస్తాం. ఈ ఒక్క పని మాత్రం స్క్రిప్టుకు అప్పజెప్పలేదు.