ఒక్క ఓటీపీ, రెండు కోతలు

మిర్యాలగూడలో ఓ రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. రోజూ లక్షల రూపాయల చెల్లింపులు నా చేతుల మీదుగా పోతాయి. అలాంటివాణ్ణి నా సొంత జీతం ఖాతాలోంచి 69,300 రూపాయలు పోగొట్టుకున్నానంటే మా సేటు మొదట నమ్మలేదు. తర్వాత నవ్వాడు. ఆయన నవ్వినందుకు బాధ లేదు గానీ, ఆ రోజు ఏం జరిగిందో నిమిషాలతో సహా రాసిపెట్టుకున్నాను. డబ్బులో కొంత తిరిగి రావడానికి పనికొచ్చింది ఆ నిమిషాలే.

2024 నవంబరు. వానాకాలం ధాన్యం దిగుతోంది, మిల్లు ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. ఒక చేత్తో తూకం చీటీలు, ఇంకో చేత్తో ఫోను. పదకొండున్నరకు కాల్ వచ్చింది. శుభ్రమైన తెలుగు. “సార్, మీ కేవైసీ పెండింగ్‌లో ఉంది, ఇవాళ సాయంత్రానికి ఖాతా ఆగిపోతుంది, బ్రాంచికి రావాల్సిన పని లేదు” అన్నాడు. బ్రాంచికి పోవాల్సిన పని లేదన్న మాటే నన్ను పడేసింది. ఆ సీజన్‌లో నాకు అరగంట సెలవు దొరకడం కష్టం.

వాట్సాప్‌లో ఒక ఫైలు పంపాడు. బ్యాంకు బొమ్మ, పేరు చివర కేవైసీ అని, దాని చివర `.apk` అని ఉంది. అదేమిటో నాకప్పుడు తెలీదు. అది పత్రం కాదు, యాప్. ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌లోకి ఎక్కేది. తెరవగానే ఫోనే హెచ్చరించింది, తెలియని చోటు నుంచి వచ్చింది, హాని కలగొచ్చు అని. “అది అందరికీ వస్తుంది సార్, అలవ్ నొక్కండి” అన్నాడు. నొక్కాను. మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడిగింది. దానికీ నొక్కాను. తర్వాత అచ్చం బ్యాంకుదిలా ఉన్న ఫారం. ఖాతా నంబరు, పాన్, పుట్టిన తేదీ, నెట్ బ్యాంకింగ్ ఐడీ, పాస్‌వర్డ్ అన్నీ నింపాను.

ఓటీపీ వచ్చింది. “కేవైసీ ఓకే అవ్వడానికి ఆ ఆరంకెలు చెప్పండి.” చెప్పేశాను.

ఆ మెసేజ్ నా దగ్గర ఇప్పటికీ ఉంది. అందులో ఆరంకెల తర్వాత, ఇది నెట్ బ్యాంకింగ్ లాగిన్ కోసం, ఎవరికీ చెప్పొద్దు అని స్పష్టంగా ఉంది. నేను అంకెలు చూశాను గానీ వాక్యం చదవలేదు. ఓటీపీ మెసేజ్‌లో అంకెలకన్నా ముఖ్యమైంది ఆ వాక్యమే. అది దేనికి తాళంచెవో చెప్పేది అదొక్కటే. కేవైసీ అని కాల్‌లో వాడంటున్నాడు, లాగిన్ అని మెసేజ్‌లో ఉంది. ఆ తేడా కనిపించడానికి మూడు సెకన్లు చాలు. నేను ఆ మూడు సెకన్లు తూకం చీటీకి ఇచ్చాను.

11:41కి మెసేజ్: మీ ఖాతా నుంచి 49,500 డెబిట్. “ఇదేంటి” అంటే “సిస్టమ్ టెస్టింగ్ సార్, రివర్స్ అవుతుంది, లైన్‌లోనే ఉండండి” అన్నాడు. అప్పుడు వెలిగింది. నేను చెప్పింది లాగిన్ ఓటీపీ ఒక్కటే. డబ్బు బదిలీకి ఇంకో ఓటీపీ కావాలి కదా, అది నేను చెప్పలేదే! కాల్ కట్ చేశాను. మళ్లీ చేశాడు, మళ్లీ చేశాడు. మనం బ్యాంకుకు ఫోన్ చేయకుండా లైన్ ఆక్రమించడమే వాడి ఎత్తు.

చేతులు వణుకుతున్నాయి. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకబోతుంటే, గేటు దగ్గర లోడింగ్ రాసే కుర్రాడు ఆపాడు. “అన్నా, గూగుల్‌ల వద్దు, దాంట్ల గూడ దొంగ నంబర్లుంటయ్. ఏటీఎం కార్డు వెనక చూడు.” నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాడు. కార్డు తిప్పి ఆ నంబరుకు చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అయ్యేసరికి 11:56. నెట్ బ్యాంకింగ్, యూపీఐ, కార్డు మూడూ ఆపమన్నాను. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. దాన్ని తూకం చీటీ వెనకే, టైముతో సహా రాశాను.

నేను బ్యాంకుతో మాట్లాడుతుండగా ఆ కుర్రాడు తన ఫోన్ నుంచి 1930కి చేశాడు. సైబర్ మోసాల్లో డబ్బు పోతే దేశమంతటా ఒకటే నంబరు. వాళ్లు కథ పెద్దగా అడగలేదు. ఏ బ్యాంకు, ఖాతా నంబరు, ఎంత పోయింది, ఎన్నింటికి, లావాదేవీ నంబరు ఎంత. ఆ చివరిదాని దగ్గరే చాలామంది తడుముకుంటారు. అది 12 అంకెల రిఫరెన్స్ నంబరు, డెబిట్ మెసేజ్‌లోనే ఉంటుంది. భయంతోనో సిగ్గుతోనో ఆ మెసేజ్ చెరిపేస్తే పని ఆలస్యం. ఆ నంబరు పట్టుకునే వాళ్లు డబ్బు ఏ బ్యాంకులోకి వెళ్లిందో ఆ బ్యాంకును అప్రమత్తం చేస్తారు. అక్కడ ఇంకా డబ్బు ఉంటే అది కదలకుండా ఆపుతారు. అప్పటికే ఏటీఎంలో తీసేసుకుంటే ఇక ఆపడానికేం ఉండదు. పరుగంతా అందుకే.

అంతా చేశాం కదా అనుకుని కూర్చున్నాం. కుర్రాడు మాత్రం నా ఫోన్ చూస్తున్నాడు. “నువ్వు చెప్పని ఓటీపీ వాడికెట్ల పోయింది?” ఆ ప్రశ్న నేను పక్కన పెట్టేశాను, వాడు పెట్టలేదు. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా తెరిస్తే ఆ కేవైసీ యాప్ ఉంది. బయట తెర మీద మాత్రం దాని గుర్తే లేదు. నాకొచ్చే ప్రతి మెసేజ్‌నీ అది ఆ దొంగకి పంపుతోంది. మొదటి ఓటీపీ నన్ను నోటితో అడిగాడు గానీ, ఆ తర్వాత నాతో వాడికి అవసరమే లేదు. వెంటనే ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, సిమ్ తీసి, మా వాచ్‌మన్ డబ్బా ఫోన్లో వేశాం. `##002#` కొట్టి కాల్ ఫార్వర్డింగ్ ఏమైనా ఉంటే తీసేయించాం. వీళ్లు దాన్ని కూడా పెట్టించి కాల్‌లో వచ్చే ఓటీపీలు పట్టుకుంటారట.

ఆ డబ్బా ఫోన్ ఆన్ అయిన నిమిషానికే ఒక మెసేజ్ దిగింది. 12:09, డెబిట్ 19,800.

బ్యాంకు వాళ్లు ఆపామన్న పదమూడు నిమిషాల తర్వాత! మళ్లీ బ్యాంకుకు ఫోన్, మళ్లీ 1930. రెండో లావాదేవీ నంబరునూ అదే ఫిర్యాదులో చేర్పించాను. సాయంత్రం cybercrime.gov.in లో ఆ ఫిర్యాదును పూర్తి చేశాను. 1930కి చెబితే అయిపోయిందనుకోవద్దు. వాళ్లు మెసేజ్‌లో పంపే ఫిర్యాదు నంబరుతో 24 గంటల్లో అక్కడ వివరాలు నింపాలన్నారు. తర్వాత ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయించాను. ఫొటోలు కొన్ని పోయాయి. పాస్‌వర్డ్‌లు మాత్రం మిల్లు కంప్యూటర్లోంచి మార్చాను, ఆ ఫోన్లోంచి కాదు.

పది రోజులకు బ్యాంకు జవాబు రెండు వాక్యాల్లో వచ్చింది. ఓటీపీ ఖాతాదారు ద్వారానే వెళ్లింది కాబట్టి బాధ్యత బ్యాంకుది కాదు. మొదట తల దించుకున్నాను. ఇక్కడే చాలామంది ఆగిపోతారనుకుంటా. కానీ లెక్కలు చూసేవాడికి రెండు వేర్వేరు పద్దులు ఒకే గీత కింద కొట్టేస్తే ఊరుకోబుద్ధి కాదు. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు సంపాదించి చదివాను. దాని ప్రకారం తప్పు మనదైతే, అంటే ఓటీపీ లాంటివి మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయినదంతా మనమే భరించాలి. తెలియజేసిన తర్వాత పోయింది మాత్రం బ్యాంకు భరించాలి. గీత అక్కడుంది. ఎంత తెలివితక్కువ పని చేశామన్నది కాదు, ఎన్నింటికి చెప్పామన్నది.

అలా చూస్తే 11:41 నాటి 49,500 నా పద్దు. 12:09 నాటి 19,800 బ్యాంకు పద్దు. మధ్యలో 11:56. తూకం చీటీ ఫొటో, కాల్ జాబితా, ఫిర్యాదు నంబరు జతచేసి మళ్లీ రాశాను. మొదటిది అడగడం లేదని కూడా అందులోనే రాశాను. మొత్తం అడిగి ఉంటే మొత్తానికీ అదే జవాబు వచ్చేది. నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో పెట్టాను. దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ముందు బ్యాంకుకు రాసి 30 రోజులు ఆగి ఉండాలి, అంతే. అంబుడ్స్‌మన్ తేల్చేలోపే ఒకరోజు 19,800 క్రెడిట్ అయింది. ఒక్క ముక్క వివరణ లేదు.

ఇక మొదటి పద్దు. 49,500లో 30,800 అప్పటికే వేరే ఊళ్లో ఏటీఎంలో తీసేశారు. మిగిలిన 18,700 ఆ ఖాతాలో ఆగింది. ఆగింది కదా అని నేరుగా నా ఖాతాలోకి రాలేదు, అప్పట్లో దానికి కోర్టు ఉత్తర్వు కావాల్సి వచ్చింది. పోలీస్ స్టేషన్లో కాగితాలు ఇచ్చాక, మార్చిలో లోక్ అదాలత్‌కు పిలిచారు. నాలాంటివాళ్లు అక్కడ వరుసగా కూర్చున్నారు. ఒక టీచరమ్మ, ఒక ట్రాక్టర్ డ్రైవర్, ఒక బ్యాంకు రిటైరు ఉద్యోగి. ఆయన్ని చూశాక నాకు కొంచెం సిగ్గు తగ్గిందని చెప్పకుండా ఉండలేను. ఉత్తర్వు వచ్చిన మూడు వారాలకు ఆ డబ్బు పడింది. మొత్తం మీద పోయింది 30,800.

లోక్ అదాలత్‌కు ముందు ఫిబ్రవరిలో ఇంకో కాల్ వచ్చింది. “సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం. మీ 18,700 రిలీజ్ చేయాలంటే ప్రాసెసింగ్ కింద రెండు వేలు కట్టండి, లింక్ పంపుతాం.” ఆగిన మొత్తం రూపాయితో సహా చెప్పాడు. ఎక్కడ దొరికిందో మరి. ఫిర్యాదు నంబరు చెప్పమన్నాను. “అది సిస్టమ్‌లో ఉంటుంది సార్” అన్నాడు. నా చీటీ వెనక కూడా ఉంది, మీరు మీ సిస్టమ్‌లో చూసి చెప్పండి అన్నాను. పెట్టేశాడు.