‘చంపేస్తాను’ అన్న మాట తర్వాత: గోప్యత దాటాల్సి వచ్చిన రోజు, నా అనుభవం

‘వాణ్ణి చంపేస్తాను’ అన్నంత మాత్రాన కౌన్సెలర్ ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదు. కోపంలో చాలామంది అనే మాటే అది. ఆ మాట వెనక ఏముందో అడిగి తెలుసుకోవడమే అసలు పని. ఇక్కడ రాసిన కేసులో ఆనవాళ్లన్నీ మార్చాను. జరిగిన క్రమం మాత్రం అదే.

మొదటి సెషన్‌లోనే క్లయింట్‌కి చెప్పి సంతకం తీసుకున్నాను: “మీరు చెప్పేది ఈ గది దాటదు. కానీ మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుందనిపిస్తే, పిల్లల మీద వేధింపు బయటపడితే, కోర్టు ఆదేశిస్తే, అవసరమైనంత వరకు చెప్పాల్సి వస్తుంది.” చాలామంది ఈ నాలుగు ముక్కలు ఫారంలో అచ్చువేసి వదిలేస్తారు. నోటితో చెప్పకపోతే, అవసరం పడిన రోజు క్లయింట్‌కి అది నమ్మకద్రోహంలాగే కనిపిస్తుంది.

నాలుగో సెషన్ బుధవారం జరిగింది. వ్యాపారంలో తనను ముంచాడని చెబుతున్న పాత భాగస్వామి గురించి మాట్లాడుతూ ఆ మాట అన్నాడు. నేను ఉలిక్కిపడలేదు, సర్ది చెప్పనూ లేదు. ఎప్పుడు అనుకుంటున్నారు, ఎలా, అతను ఎక్కడుంటాడో తెలుసా, ఇంతకుముందు ఎవరినైనా కొట్టారా, మిమ్మల్ని ఆపేది ఏమైనా ఉందా అని ఒక్కొక్కటిగా అడిగాను. శుక్రవారం రాత్రి అతను ఆఫీసు నుంచి ఒంటరిగా బయటికొస్తాడట. ఇప్పటికే రెండు సాయంత్రాలు ఎదురుగా కారు ఆపుకుని చూశాడట. “కత్తి సీటు కిందే ఉంది మేడమ్” అన్నాడు, బల్ల మీది కారు తాళాలు తిప్పుతూ. గొంతు ఏమాత్రం పెరగలేదు. అరుపును బట్టి ప్రమాదాన్ని కొలిస్తే ఇక్కడే పొరబడతాం. ఫలానా మనిషి, ఫలానా రోజు, చేతికందే ఆయుధం, ముందే చేసిన రెక్కీ: నాలుగూ ఒకచోట చేరాయి. “అమ్మ ఉంది” అని ఆగాడు. ఆపేది అదొక్కటే.

గోప్యత దాటకుండా పని అవుతుందేమో ముందు చూడాలి. అన్నయ్యని పిలుద్దామంటే ఒప్పుకున్నాడు. కత్తి ఆయన చేతికిద్దామంటే కుదరదన్నాడు. హాస్పిటల్లో చేరడానికి ససేమిరా అన్నాడు. శుక్రవారం అటు వెళ్లనని మాటివ్వలేదు. అప్పుడు, “ఇది నేను బయటికి చెప్పాలి. ఎవరికి, ఏం చెబుతానో మీ ముందే చెబుతాను” అన్నాను. ఆయన్ని దాటి రహస్యంగా ఫోన్ చేయడం అప్పటికి సులువే, కానీ తర్వాత ఆయన ఏ కౌన్సెలర్ గడపా తొక్కడు. ముందుగా చెప్పడమే ప్రమాదమైతే మాత్రం చెప్పకూడదు. ఆ రోజు అలా అనిపించలేదు.

అన్నయ్య వచ్చి తమ్ముడి పక్కన కూర్చున్నాక సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను. పేరు చెప్పలేదు, పరిస్థితి మాత్రమే చెప్పాను. ఆవిడ ఒక్క ప్రశ్నే వేశారు: “పోలీసులకు చెప్పి ఊరుకుంటే, ఆ మనిషికి తెలుస్తుందా?”

ఆ ప్రశ్నకి మూలం 1969 నాటి కాలిఫోర్నియా. తన క్లయింట్ ఒక యువతిని చంపుతానన్నాడని ఒక యూనివర్సిటీ థెరపిస్టు క్యాంపస్ పోలీసులకు చెప్పాడు. వాళ్లు క్లయింట్‌ని పట్టుకుని, బాగానే ఉన్నాడనుకుని వదిలేశారు. ఆ యువతి టాటియానా తారాసాఫ్‌కి గానీ, ఆమె తల్లిదండ్రులకు గానీ ఎవరూ చెప్పలేదు. అక్టోబరులో ఆమెను అతను చంపేశాడు. 1976లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, ప్రమాదంలో ఉన్న వ్యక్తిని కాపాడడానికి తగిన చర్యలు తీసుకోవడం థెరపిస్టు బాధ్యత అంది. అంటే హెచ్చరించడం ఒక దారి మాత్రమే. పరిస్థితిని బట్టి పోలీసులు, ఇంకేదైనా రక్షణ కూడా కావాలి. ఈ తీర్పు అన్ని దేశాలకూ చట్టం కాదు. కొన్నిచోట్ల చెప్పి తీరాలి, కొన్నిచోట్ల చెప్పడానికి అనుమతి మాత్రమే ఉంటుంది. మీ దగ్గర ఏది వర్తిస్తుందో, గండం రాకముందే తెలుసుకోండి.

పోలీసులకు పేరు, బెదిరింపు మాటలు, రోజు, స్థలం, కారులో కత్తి సంగతి చెప్పాను. పెళ్లి గొడవలు, మందులు, చిన్ననాటి విషయాలు చెప్పలేదు. అవి ప్రమాదాన్ని ఆపవు కాబట్టి అవి గోప్యంగానే ఉంటాయి. ఆ భాగస్వామికి ఫోన్ చేసి ఎవరి నుంచి ముప్పుందో, శుక్రవారం ఒంటరిగా వెళ్లొద్దని, ఏ స్టేషన్‌కి చెప్పామో తెలిపాను. “వాడికి పిచ్చా?” అని అడిగాడు. “దానికి నేను జవాబు చెప్పలేను” అన్నాను. భయంలో ఉన్న మనిషి ఇంకా ఇంకా అడుగుతాడు. జాలిపడి ఎక్కువ చెప్పేసేది అక్కడే.

అదే సాయంత్రం నోట్స్ రాశాను: క్లయింట్ అన్న మాటలు ఉన్నవున్నట్టుగా, ప్రయత్నించిన దారులు, అవెందుకు చాలలేదు, ఎవరికి ఏ టైముకి ఏం చెప్పాను. ‘క్లయింట్ ప్రమాదకరం’ అని ఒక్క ముక్క రాస్తే, అంత నిర్ణయం ఎందుకు తీసుకున్నారో రేపు ఎవరికీ అర్థం కాదు.

పోలీసులు ఆ రాత్రే మాట్లాడి కత్తి తీసుకున్నారు. మూడు వారాల తర్వాత ఆయన మళ్లీ వచ్చాడు. కూర్చోకుండానే, “నా పెళ్లి సంగతి కూడా చెప్పారా?” అని అడిగాడు. ఆ రోజు నోట్స్ ఆయన ముందు పెట్టాను. నిలబడే చివరిదాకా చదివి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.