కరెంటు పోతే నెట్ ఎందుకు పోతోంది? పాలకొల్లుకు తిరిగొచ్చాక నా అనుభవం

పన్నెండేళ్లు బెంగళూరులో ఉండి, మొన్న జూన్‌లో సొంత ఊరు పాలకొల్లు వచ్చేశాం. ఇంటి నుంచి పని చేసుకోమని కంపెనీ ఒప్పుకుంది. సామాను, పాప బడి, గ్యాస్ బదిలీ వారంలో తేలిపోయాయి. నెట్ మాత్రం రెండు నెలలు నన్ను ఏడిపించింది.

ఇన్వర్టర్ ముందే పెట్టించాను. కరెంటు పోయినా ఫ్యాను తిరిగేది, రూటర్ దీపాలు వెలిగేవి. నెట్ మాత్రం ఆ క్షణమే పోయేది. ఒకరోజు సమావేశంలో నేను మాట్లాడుతుండగా మూడుసార్లు తెగిపోయింది. పదకొండు మంది వింటుండగా, "మీ ఊళ్లో కరెంటు ఉండకపోతే మళ్లీ ఇక్కడికే వచ్చేయండి" అన్నారు మా మేనేజరు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

కేబుల్ ఆయనకు ఫోన్ చేస్తే, "మా లైను బాగుంది సార్, మీ ఇన్వర్టరే సరిగ్గా లేదు" అని కొత్త రూటర్ అంటగట్టాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి మా మెయిన్ ఆపి చూశాడు. నెట్ చక్కగా వచ్చింది! వీధంతా కరెంటు పోయినప్పుడే పోతోందని అప్పుడు అర్థమైంది. పైగా కొన్ని ఆదివారాలు కరెంటు ఉన్నా నెట్ ఉండేది కాదు.

మర్నాడు మా గోడ దగ్గర మొదలుపెట్టి ఆ సన్నని నల్ల తీగ వెంట నడిచాను. వేపచెట్టు కొమ్మల్లోంచి వీధి మలుపులో స్తంభానికి పోయింది. అక్కడ ఒక రేకు పెట్టె, అందులోంచి టైలరు కొట్టులోకి ఒక కరెంటు వైరు. వీధిలోని ఇళ్లన్నిటికీ నెట్ పంచే స్విచ్ ఆ కొట్టు కరెంటుతో నడుస్తోంది. బ్యాటరీ లేదు. "నెలకు వంద ఇస్తామన్నారు బాబూ, ఏడాదిగా పైసా ఇవ్వలేదు. ఆదివారం మెయిన్ ఆపేసి వెళ్తాను" అన్నాడాయన. తప్పు ఆయనది కాదు. తన పెట్టె సంగతి తెలిసి కూడా నా ఇన్వర్టర్ మీద నెపం వేసినవాణ్ణి మాత్రం నేను క్షమించను.

పెట్టెలో బ్యాటరీ పెడతానని రెండు వారాలు తిప్పించుకున్నాడు. విసిగిపోయి వేరే ఆపరేటరుకు మారాను. వీళ్ల ఫైబర్ ఆఫీసు నుంచి నేరుగా ఇంటికే వస్తుంది. దారిలో ఉండే స్ప్లిటర్ ఫైబర్‌లో వచ్చే కాంతిని పంచుతుందంతే, దానికి కరెంటు అక్కర్లేదు. ఆఫీసులో బ్యాటరీలు ఉన్నాయని నేనే వెళ్లి చూసుకున్నాను.

మీరు కనెక్షన్ తీసుకునేముందు, "మీ ఆఫీసుకూ మా ఇంటికీ మధ్య కరెంటుతో నడిచే పెట్టె ఏదైనా ఉందా?" అని అడగండి. సూటిగా చెప్పనివాడి దగ్గర తీసుకోకండి. తీగే తెగితే ఏ బ్యాటరీ కాపాడదు కాబట్టి ఫోనులో డేటా ఉంచుకోండి.

నిన్న కొమ్మలు నరకడానికి ఉదయం తొమ్మిది నుంచి రెండు దాకా కరెంటు తీశారు. నేను మూడు సమావేశాల్లో కూర్చున్నాను. ఒక్కసారీ తెగలేదు.