మూడు కాళ్ల చిన్నికి ఇల్లు కావాలి

చిన్ని అనే ఈ కుక్క ముందుకాలు ఒకటి రోడ్డు ప్రమాదంలో నుజ్జవడంతో డాక్టర్లు దాన్ని భుజం దాకా తీసేశారు. కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే పడుతుంది. ఇప్పుడు ఆ భారంలో ఎక్కువ భాగం ఒక్క కాలే మోస్తోంది. అందుకే దానికి ఒళ్లు రానివ్వకూడదు, నిమిరితే పక్కటెముకలు చేతికి తెలియాలి. జాలిపడి అదేపనిగా తినిపించేవాళ్లకు మాత్రం ఇవ్వలేను. నున్నటి టైల్స్ మీద జారుతుంది, తిరిగే చోటల్లా మ్యాట్లు పరవాలి. మెట్లు ఎక్కుతుంది కానీ దిగేటప్పుడు ముందుకు తూలుతుంది, కాబట్టి కింది అంతస్తు ఇల్లయితే మంచిది. వాకింగ్‌లో కూర్చుండిపోతే అది మొండితనం కాదు, అలసట. కాసేపు ఆగండి. వయసు పెరిగాక కీళ్ల నొప్పులకు మందులు అవసరం కావచ్చు. ఆ ఖర్చుకు సిద్ధపడే ఇల్లు మీదైతే మెసేజ్ చేయండి, ముందు వచ్చి దాంతో కాస్త గడపండి.